మా ఛానల్ చూసే పాతికేళ్ళ కుర్రవాడు

పొద్దున లేవగానే దేవుడి పటం చూడడం మానేసి నేను ఫోనులో గీతలు చూసుకునే కాలం ఒకటి నడిచింది. మా ఛానల్‌ని ఎంతమంది చూశారో చెప్పే గీత అది. గీత పైకి లేచిందంటే ఆ రోజు ఇడ్లీ దూదిలా ఉండేది. కిందికి దిగిందంటే చట్నీలో ఉప్పు తక్కువైందని మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి. ఉప్పు సరిగ్గానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

నేను నెల్లూరు వైపు నుంచి మద్రాసు కోడంబాక్కం వచ్చి, అరవ సినిమాలకి తెలుగు మాటలు రాసి బతికినవాణ్ణి. తెర మీద పెదవులు మూతపడిన చోట ప, బ, మ పడేట్టు మాట వెతకడం నా వృత్తి. హీరో తమిళంలో ఏమన్నాడన్నది తర్వాతి సంగతి, ముందు వాడి మూతి ఎప్పుడు మూతపడిందో చూడాలి. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయినా నేను కదలలేదు. ఈ ఊరి మీద ప్రేమతో అని అందరికీ చెబుతాను గానీ, అసలు నన్ను ఎవరూ రమ్మనలేదు. పని తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి పొద్దున పేపరు, సాయంత్రం టీ కొట్టు మిగిలాయి. ఆ కొట్టు దగ్గర నాలాంటి పాతకాపులే చేరి, తాము లేకపోబట్టే సినిమాలు ఆడడం లేదని రోజూ తీర్మానించుకునేవారు.

నన్ను లోపల్లోపల తినేసే విషయం ఒకటుంది. మద్రాసులో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. మాట్లాడతారు, తిట్టుకుంటారు, పెళ్ళిచూపుల్లో బేరాలాడతారు, కానీ చదవడం రాదు. బళ్ళో తమిళం చదువుకున్నారు, ఉద్యోగానికి ఇంగ్లీషు సరిపోయింది. అంత దూరం ఎందుకు, మా అబ్బాయే అలాంటివాడు. తెలుగు మాటల రచయిత కొడుక్కి బస్సు మీద తెలుగు బోర్డు కనిపిస్తే అది బొమ్మల వరస. వాడి వయసు కుర్రాళ్ళు కొందరైనా తెలుగు చదవగలిగితే నా బతుక్కి ఒక అర్థం ఉంటుందనిపించింది. కావలసింది అదొక్కటే. అందుకే అక్షరాలు నేర్పే ఛానల్ పెట్టాను.

మా ఆవిడ పుట్టింది వాషర్‌మెన్‌పేట్‌లో. వాళ్ళ పూర్వీకులు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో వాళ్ళకే తెలియదు. తమిళ పేపరు మొదటి పేజీ నుంచి పంచాంగం దాకా వదలకుండా చదువుతుంది. తెలుగు మాత్రం నోటితోనే. పెళ్ళైన కొత్తలో నేర్పబోయాను. పలక తెచ్చి, అ రాయించి, ఆ రాయించి, ఇ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు వీధి చివరిదాకా వినిపించిందట. బలపం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని చుట్టాల దగ్గర నేను, ఆ చెట్టుకి ముళ్ళు కూడా ఉన్నాయని ఆవిడ, అలా అది ఇంట్లో నవ్వులాటగా మిగిలిపోయింది.

పాఠాలు తీయడం అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. హాల్లో గోడకి నల్లబోర్డు, ఎదురుగా స్టాండు మీద ఫోను. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేవాణ్ణి. వంటింట్లో కుక్కరు పెట్టకూడదని ఆర్డరు. చెమటలు కక్కుతూ ఒక అక్షరం రాసి, పక్కకి జరిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అదే అక్షరం రాసేవాణ్ణి. ఇది బోధనా పద్ధతి అని అప్పుడు నేనే ఒకరిద్దరితో అన్నాను. అసలు సంగతి చెమట.

కొన్నాళ్ళు లెక్కల్లో ఏమీ కనిపించలేదు. చూసేవాళ్ళ వయసు నొక్కితే, చూపించడానికి సరిపడా సమాచారం లేదని వచ్చేది. ఉన్న కాసిని చూపులూ ఎక్కడివా అని ఆశగా వెతికితే మద్రాసు, మొబైలు, ఛానల్ పేజీ నుంచి అని ఉండేది. మద్రాసులో ఎవరో అభిమాని నా పేజీకి పనిగట్టుకుని వచ్చి మరీ చూస్తున్నాడని పొంగిపోయాను. ఆ అభిమాని నేనేనని మా కోడలు నెమ్మదిగా చెప్పింది.

మా కోడలిది వరంగల్ వైపు. ఇక్కడ ఒక ఐటీ కంపెనీలో, ఏదో యాప్‌ని ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏ ఫోనులో వాడుతున్నారో రోజంతా చూసే ఉద్యోగం. అంటే నేను పొద్దున్నే ఉచితంగా చేసుకునే పనికి ఆ అమ్మాయికి జీతమిస్తారు. వారంలో కొన్ని రోజులు ఇంట్లో భోజనాల బల్ల మీదే పని చేసుకుంటుంది. నా ఛానల్ లెక్కలు చదవడం నేర్పింది తనే. నేను పలక పట్టుకుని అరిచినట్టు అరవకుండానే నేర్పింది.

కాలం గడిచి, చూసేవాళ్ళు పెరిగి, ఒకరోజు లెక్కల్లో అన్నీ కనిపించడం మొదలయ్యాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. ముందు ఊళ్ళు చూశాను. హైదరాబాదు, బెజవాడ ఉంటాయనుకుంటే మద్రాసు, హోసూరు, కోయంబత్తూరు, రాజపాళయం. మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత బుర్ర వెలిగింది. బెజవాడ వాడికి అఆలు వచ్చు, వాడు నా దగ్గరికి ఎందుకొస్తాడు? తర్వాత, ఎలా వస్తున్నారని చూశాను. ఎక్కువమంది వెతుక్కుని వస్తున్నారు. వెతికిన మాటలేమిటని నొక్కితే తమిళ లిపిలో, తెలుగు అక్షరాలు నేర్చుకోవడం ఎలా అని. కొందరు ఎవరో పంపిన లింకు పట్టుకుని వస్తున్నారు. ఏ పరికరంలో చూస్తున్నారంటే టీవీలో. ఫోనులో చూసేవాళ్ళు తలలు లెక్కపెడితే ఎక్కువే గానీ, ఊరికే తొంగిచూసి పోతున్నారు. టీవీ వాళ్ళు కూచుని పాఠం చివరిదాకా చూస్తున్నారు. ఇక అసలైనది, వయసు. పాతికకీ ముప్పై నాలుక్కీ మధ్య మగవాళ్ళు, ఆ తర్వాత ముప్పై అయిదుకీ నలభై నాలుక్కీ మధ్య మగవాళ్ళు. అరవై దాటినవాళ్ళ గీత ఉందా లేదా అన్నట్టుంది.

నా ఆనందం ఏమని చెప్పను. మా అబ్బాయి వయసు కుర్రాళ్ళు! ఆఫీసు నుంచి వచ్చి, షూస్ విప్పి, టీవీ పెట్టుకుని నా దగ్గర క, ఖ నేర్చుకుంటున్నారు. ఆ కుర్రవాడు నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించాడు. సన్నగా, కళ్ళజోడుతో, కొంచెం సిగ్గుపడుతూ. టీ కొట్టు దగ్గర పాతకాపులకి వాణ్ణి వర్ణించాను. ఒకాయన కళ్ళు చెమర్చాయి కూడా. పొగ వల్ల అయ్యుండొచ్చు.

కోడలు మాత్రం ఒక మాటంది. వయసునీ టీవీనీ విడివిడిగా కాకుండా కలిపి చూడాలట, అవి నేననుకున్నట్టు చెప్పకపోవచ్చట. అప్పుడే తనకి మీటింగు వచ్చింది. మీటింగు అయ్యేదాకా ఆగే ఓపిక నాకు ఉంటే నేను వేరే మనిషిని అయ్యేవాణ్ణి.

కుర్రాళ్ళు చూస్తున్నారు కాబట్టి కుర్రాళ్ళకి నచ్చేట్టు చేయాలి కదా. చెమటా తువ్వాలూ వాళ్ళకేం నచ్చుతాయి? అందుకని నేను మారాను. అబ్బాయి పారేసిన రంగురంగుల చొక్కా వేశాను. తలకి టోపీ పెట్టాను. తువ్వాలు, మంచినీళ్ళు అన్నీ కత్తిరించేశాను. వెనక డమడమమని సంగీతం పెట్టి, నిలువు వీడియోల్లో ఊపిరి తీసుకునేలోగా ఒక అక్షరం అయిపోయేట్టు చేశాను. "ఏం మచ్చా, ఇవాళ ఘ చూద్దామా" అని అరవ కుర్రాళ్ళ ఫక్కీలో మొదలుపెట్టేవాణ్ణి. మా అబ్బాయి ఒకటి చూసి, నాన్నా ఇది నా ఆఫీసులో ఎవరికీ చూపించొద్దు అని మాత్రం అన్నాడు. మా ఆవిడ టోపీ వంక చాలాసేపు చూసింది.

గీత ఆకాశానికి లేచింది. ఫోనులో వేలితో తోసుకుంటూ పోయేవాళ్ళ దారిలో నా నిలువు వీడియోలు పడడం మొదలయ్యాయి. ఎక్కడెక్కడి ఊళ్ళో వచ్చాయి లెక్కల్లో. వాళ్ళు ఎంతసేపు చూస్తున్నారని పక్కనే ఇంకో అంకె ఉంటుంది. ఘ పైన తలకట్టు పడేలోపే వెళ్ళిపోతున్నారు. ఆ అంకెని నేను చూడలేదనలేను. చూసి, గీతని మళ్ళీ చూసుకున్నాను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. ఆ ఇద్దరూ నేనే.

అలా పొగరెక్కి చేసిన పని ఇది. కొత్తగా వచ్చేవాళ్ళు పాత పాఠాలు చూస్తే చెమటలు కక్కే ముసలాణ్ణి చూసి పారిపోతారనిపించింది. పాతవన్నీ ఒక్కసారే ఎవరికీ కనిపించకుండా మూసేశాను. అచ్చుల నుంచి ఒత్తుల దాకా అన్నీ. ఒత్తుల పాఠం అన్నిటికంటే పొడుగు, అన్నిటికంటే చెమట. అది మూసేటప్పుడు గొప్ప తృప్తి కలిగింది.

మర్నాడు సాయంత్రం టీ కొట్టు తీయలేదు. వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. లోపల మా ఆవిడ గొంతు వినిపించింది. కోడలితో అంటోంది.

"ఈ టీవీకి ఏమైందో కొంచెం చూడమ్మా. నిన్నటిదాకా బాగా వస్తా ఉండింది. ఈ పొద్దు ఒత్తుల పాఠం నొక్కితే ఇది ప్రైవేటు అంటా ఉంది. ఆయన వచ్చేలోపల చూసి పెట్టు."

ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయాను. కోడలు రిమోట్ తీసుకుని, టీవీలో ఇదివరకు ఏవి చూశారో చూపించే వరస తెరిచింది. అక్కడంతా నేనే. మొహం తుడుచుకుంటూ నేను, నీళ్ళు తాగుతూ నేను, నోరు తెరిచి నేను. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, మళ్ళీ ఒత్తులు. టోపీ పెట్టుకున్న నేను మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేను. తెర మూలన, ఆ అకౌంటు ఎవరిదో తెలిపే చిన్న బొమ్మ ఉంది. మా అబ్బాయి మొహం. టీవీ కొన్నప్పుడు వాడే తన పేరు మీద పెట్టిచ్చాడు.

కోడలు నన్ను చూసేసింది. నవ్వు ఆపుకుంటూ అంది.

"మామయ్యా, మీ పాతికేండ్ల పిల్లగాడు దొరికిండు. మన హాల్లనే ఉన్నడు."

తర్వాత కూచోబెట్టి వివరంగా చెప్పింది. లెక్కల్లో వచ్చే వయసు చూసే మనిషిది కాదట, అకౌంటుది. అకౌంటు తెరిచినప్పుడు పుట్టినరోజు ఏది ఇస్తే అదే. ఇళ్ళల్లో టీవీకి అకౌంటు పెట్టేది ఎక్కువగా కొడుకులు, అల్లుళ్ళు. వాళ్ళు ఆఫీసుకి పోయాక ఆ టీవీ ముందు ఎవరు కూచున్నా లెక్కలో కొడుకే కూచున్నట్టు. అందుకే వయసునీ పరికరాన్నీ కలిపి చూడమన్నది. వీక్షకులు ఎప్పుడు ఎక్కువగా ఉంటారో చూపించే పట్టీ తీసింది. ముదురు రంగు పడింది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, అదీ మామూలు పనిదినాల్లో. ఉద్యోగం చేసే కుర్రాడు మధ్యాహ్నం పూట ఇంట్లో టీవీ ముందు క రాసుకుంటూ ఎందుకు కూచుంటాడన్న ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. నేను పాఠాలు మూసేసినప్పటినుంచీ టీవీ గీత నేలకి అంటుకుని ఉంది. మిగతా ఇళ్ళల్లో ఎవరు కూచున్నారో లెక్కలు చెప్పవు, మనం ఊహించుకోవాల్సిందే అంది. ఊహించే పని అంతగా పడలేదు. నిలువు వీడియోల కింద కొత్త కామెంట్లు ఉన్నాయి, తమిళంలో. ఒక అబ్బాయి రాశాడు, పాత పాఠాలు ఏవని మా అమ్మ అడుగుతోంది, ఈ స్పీడు తనకి అందడం లేదని. ఇంకొకరు నేరుగా రాశారు, ఇది మా అల్లుడి ఫోను, నేను అత్తగారిని, ఆ మొహం తుడుచుకునే సార్ ఎక్కడికి పోయారు అని.

ఆ సార్ సోఫాలో కూచుని ఉన్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెతని నేను సినిమాల్లో ఎన్నిసార్లో వాడాను. పెదవులకి బాగా కుదురుతుంది.

నాకు నిజంగా కోపం వచ్చింది. పక్కనే మనిషిని పెట్టుకుని టీవీలో నేర్చుకోవడమేమిటని అడిగాను. గొంతు లేచిందనే అనుకుంటాను. మా ఆవిడ నా వైపు చూడకుండా రిమోట్‌ని చీరకొంగుతో తుడుస్తూ చెప్పింది.

"టీవీలో అయితే మిమ్మల్ని ఆపొచ్చు. అరవరు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఒకే మాదిరి చెప్తారు. అక్షరం రాసి మొహం తుడుచుకుంటారు చూడండి, ఆ లోపల నేను రాసుకుంటాను."

కోడలు లాప్‌టాప్‌లోకి తల దూర్చింది. భుజాలు కదులుతున్నాయి. ఇంకా కాలికే ఉన్న రెండో చెప్పు అప్పుడు విప్పాను.  చివరికి, ఈ వయసులో ఇంత పట్టుగా ఎందుకని అడిగాను, కొంచెం మెల్లగా.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద ఏదో దించి వచ్చింది. వచ్చి నా పక్కన కాదు, ఎదురుగా కూచుంది.

"మీరు రాసిన సినిమాలన్నీ చూసినాను. మొదట్లో పేర్లు వేస్తారు గదా, దాంట్లో మీ పేరు ఏడ వస్తాదో నాకు తెలీదు. పక్కనుండే మీవాళ్ళు చప్పట్లు కొట్టేటప్పుడు నేనూ కొట్టేదాన్ని. ఒకసారి వాళ్ళు రాలేదు. ఎప్పుడు కొట్టాలో తెలియక, పేర్లన్నీ అయిపోయేదాకా కొడతానే ఉండాను."

ఆ సినిమా నాకు గుర్తుంది. హాల్లో మావాళ్ళెవరూ లేరు. ఆవిడ సంగీత దర్శకుడికీ ఫైటు మాస్టరుకీ కూడా చప్పట్లు కొడుతుంటే, జనం తిరిగి చూస్తున్నారని నేనే చెయ్యి పట్టి ఆపబోయాను. మాటల రచయిత భార్య కాబట్టి సినిమావాళ్ళందరి మీదా అభిమానమని, ఇంటర్వెల్లో కాఫీ తాగుతూ ఏడిపించాను కూడా. ఆవిడ నవ్వింది అప్పుడు. నేను కూడా నవ్వాను. 

ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆగమంది. రిమోట్ అవసరం లేకుండానే ఆగాను. మీ పేరులో అక్షరాలన్నీ వచ్చేసినాయి, ఒత్తొకటే మిగిలింది, అంతలో మీరు మూసేసినారు అంది. దానికోసమే ఆ పాఠాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటోందట.

ఆ సాయంత్రమే కోడలి చేత పాత పాఠాలన్నీ తెరిపించాను.  ముందు ఒత్తులది తెరవమన్నాను. టీవీలో నేను వచ్చాను. బోర్డు మీద ఒత్తు రాసి, పక్కకి జరిగి, తువ్వాలు తీసేటప్పటికి మా ఆవిడ నన్ను ఆపేసింది. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, వెర్రివాడిలా తెర మీద బిగుసుకుపోయాను. నన్ను అలాగే ఉంచి ఆవిడ క్యాలెండరు కాగితం వెనక రాసుకుంటోంది.

పక్కన కూచుని చూశాను. ఒత్తు ఉండాల్సిన దానికంటే బాగా కిందికి దిగింది, కొంచెం కుడికి జరిగింది. తప్పని చెప్పబోయే మాట నోటిదాకా వచ్చింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆపుకున్నాను. అంత కష్టం నేను జీవితంలో పడలేదు.

మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నా పేరు పలకలేదు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. రేషన్ షాపులో అడిగితే అబ్బాయిని ముందుకి తోసేది, ఆసుపత్రిలో అడిగితే నన్నే చెప్పుకోమనేది. నేను పిలిపించుకోవాలని కొత్తలో ఎన్ని వేషాలు వేసినా కుదరలేదు.

కాగితం నా వైపు తిప్పింది. అక్షరాలు ఒకదానికొకటి ఎడంగా, బడికి మొదటిసారి వచ్చిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. మొదటి నుంచి చివరిదాకా నా పేరే.

"అనకూడదు గానీ, రాయకూడదని ఎవరూ చెప్పలేదు గదా" అంది.